ఒకే ఒక్క జీవిత చరిత్రలో కనిపించే మనిషి: థీబ్స్ పౌలు నిజంగా ఉన్నాడా?

ప్రశ్న: ఈజిప్టు ఎడారిలో తొలి ఏకాంతవాసి అని చెప్పే థీబ్స్ పౌలు మీద వికీపీడియాకి చిన్న వ్యాసం రాస్తున్నాను. ఎక్కడ వెతికినా చివరికి 4వ శతాబ్దపు లాటిన్ క్రైస్తవ పండితుడు జెరోమ్ రాసిన ఒక్క పుస్తకం దగ్గరికే వచ్చి ఆగుతోంది. సింహాలు సమాధి తవ్వాయని ఉంది కాబట్టి అంతా కట్టుకథ అంటాడు మా ఫ్రెండు. ఆయన పేరుతో ఈజిప్టులో మఠం ఉంది, బోలెడు రాతప్రతులున్నాయి కాబట్టి నిజమే అంటారు ఇంకొందరు. ఇలాంటి మనిషి ఉన్నాడో లేడో ఎలా తేల్చాలి? "సుమారు 228–341" అని తేదీలు వేయొచ్చా?

సమాధానం:

తేదీలు వేయకండి. ఎందుకో కాసేపట్లో చెప్తాను. ముందుగా, మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. పౌలు అనే పేరున్న ఏకాంతవాసి ఒకడు ఆ కాలంలో ఈజిప్టులో ఉన్నాడా అనేది ఒకటి. జెరోమ్ వర్ణించిన పౌలు, అంటే ఎడారి సన్యాసులకు ఆద్యుడిగా పేరుపొందిన ఆంథోనీ కంటే ముందే ఎడారికి వెళ్ళి, దాదాపు వందేళ్ళు ఎవరి కంటా పడకుండా బతికినవాడు ఉన్నాడా అనేది రెండోది. మొదటిదానికి నా జవాబు "ఉండే అవకాశం బాగానే ఉంది". రెండోదానికి "అలా నమ్మడానికి ఆధారం లేదు". మీ ఫ్రెండూ, మఠం సంగతి చెప్పినవాళ్ళూ ఈ రెండిటినీ ఒకటిగా చూస్తున్నారు కాబట్టే వాళ్ళ వాదన తెగడం లేదు.

ఇరవై ఏళ్ళుగా ఈ కాలపు సాధువుల చరిత్రలు చదువుతున్నాను. మొదట్లో నేనూ మీ ఫ్రెండు దారిలోనే వెళ్ళాను. పెన్సిలు పట్టుకుని అద్భుతాలన్నీ కొట్టేసి, మిగిలింది చరిత్ర అనుకుని ఒక వ్యాసం రాసి మా గురువుగారికి చూపించాను. ఆయన సింహాల జోలికి పోలేదు. నేను కొట్టేయకుండా ఉంచిన ఒక మామూలు వాక్యం మీద వేలు పెట్టి, "ఈ సంగతి జెరోమ్‌కి ఎవరు చెప్పారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఏ చరిత్ర తీసినా ముందు ఆ ప్రశ్నే వేసుకుంటున్నాను.

కథ తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. డీసియస్, వలేరియన్ చక్రవర్తులు క్రైస్తవులను హింసిస్తున్న రోజుల్లో, అంటే 3వ శతాబ్దం మధ్యలో, థీబ్స్ నగరం చుట్టుపక్కల ప్రాంతమైన థీబయిడ్ దిగువ భాగంలో పౌలు అనే పదహారేళ్ళ కుర్రాడు ఉంటాడు. తల్లిదండ్రులు పోయారు, ఆస్తి బాగా ఉంది, గ్రీకు చదువూ ఈజిప్షియన్ చదువూ రెండూ వచ్చు. అక్క మొగుడే తనను పట్టించబోతున్నాడని తెలిసి కొండల్లోకి పారిపోతాడు. అక్కడ ఒక గుహ, ఒక ఊట, ఒక ఖర్జూర చెట్టు దొరుకుతాయి. తిండీ బట్టా ఆ చెట్టు నుంచే. ఏళ్ళు గడిచిపోతాయి. ఎడారిలో తనకంటే ముందు ఎవరూ లేరనుకుంటున్న తొంభై ఏళ్ళ ఆంథోనీకి, నీకంటే గొప్పవాడు లోపల ఇంకొకడున్నాడని కల వస్తుంది. వెతుక్కుంటూ బయలుదేరితే దారిలో సగం మనిషి, సగం గుర్రం ఎదురవుతుంది. తర్వాత మేక కాళ్ళు, కొమ్ములు ఉన్న చిన్న ప్రాణి ఒకటి కనిపిస్తుంది. చివరికి ఒక ఆడ తోడేలు గుహ దాకా దారి చూపిస్తుంది. పౌలుకి అప్పటికి 113 ఏళ్ళు. అరవై ఏళ్ళుగా రోజూ సగం రొట్టె తెచ్చే కాకి ఆ రోజు మొత్తం రొట్టె తెస్తుంది. తన శవానికి చుట్టడానికి, అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ ఇచ్చిన పైవస్త్రం తెమ్మని పౌలు అడుగుతాడు. ఆంథోనీ వెళ్ళి తెచ్చేసరికి పౌలు మోకాళ్ళ మీదే ప్రాణం విడిచి ఉంటాడు. రెండు సింహాలు వచ్చి గొయ్యి తవ్వుతాయి.

సింహాలను పక్కన పెట్టండి. కొట్టేయమని కాదు, వాటిని బట్టి ఏదీ తేల్చొద్దని. ఆంథోనీ చరిత్రను అథనేసియస్ రాశాడు. అందులోనూ దెయ్యాలున్నాయి, తొడల దాకా మనిషి, కింద గాడిద కాళ్ళు ఉన్న ప్రాణి కూడా ఉంది. అయినా ఆంథోనీ ఉన్నాడనడంలో ఎవరికీ పేచీ లేదు. ఆయన పేరున ఉత్తరాలున్నాయి. ఆయన చనిపోయినప్పుడు తుమూయిస్ బిషప్ సెరపియన్ ఆయన శిష్యులకు రాసిన పరామర్శ లేఖ ఉంది. వేరే మఠాల పరంపరకు చెందిన పకోమియస్ చరిత్రల్లోనూ ఆయన ప్రస్తావన వస్తుంది. ఇవేవీ అథనేసియస్ పుస్తకం లోంచి పుట్టినవి కావు. అద్భుతాలు మనిషిని అబద్ధం చేయలేవు. దానికి రెండో వైపు కూడా అంతే నిజం: అద్భుతాలు తీసేశాక మిగిలింది దానంతటదే చరిత్ర అయిపోదు. అక్క మొగుడు పట్టించబోయాడన్న మాటలో అద్భుతమేమీ లేదు. అంతమాత్రాన దానికి ఆధారం ఉన్నట్టు కాదు.

ఇక మా గురువుగారి ప్రశ్నకు వద్దాం. కథ ప్రకారం పౌలును పెద్దయ్యాక చూసిన మనిషి ఒక్క ఆంథోనీయే. అంటే తెలిసింది ఏదైనా ఆంథోనీ నోటి నుంచే రావాలి. ఆంథోనీ శిష్యులు అమాథస్, మకారియస్ అనే ఇద్దరు, తొలి ఏకాంతవాసి పౌలేనని ఇప్పటికీ చెబుతున్నారని జెరోమ్ మొదట్లోనే రాశాడు. వాళ్ళను తాను కలిశానని మాత్రం ఎక్కడా అనలేదు. కలిసే వీలు కూడా కనబడదు. ఈ పుస్తకం 370లలోనో, మరీ ఆలస్యమైతే 380 ప్రాంతంలోనో వచ్చింది. జెరోమ్ ఎరిగిన ఎడారి అప్పటికి సిరియాలో కాల్సిస్ దగ్గరిది. ఆయన ఈజిప్టులో అడుగు పెట్టింది 385–386 ప్రాంతంలో. కాబట్టి దారి ఇలా ఉంది: పౌలు ఆంథోనీకి చెప్పాలి, ఆంథోనీ శిష్యులకు చెప్పాలి, శిష్యుల మాట ఎవరి ద్వారానో సిరియాకో అంతియొకయకో చేరాలి, అక్కడ జెరోమ్ వినాలి. చివరి మజిలీలో ఎవరున్నారో ఆయన చెప్పలేదు.

ఈ పుస్తకంలో నాకు నచ్చే చోటు ఒకటుంది. పౌలు నడివయసులో ఎలా బతికాడో, ఏ శోధనలు పడ్డాడో ఏ మనిషికీ తెలియదని, అందుకే మొదలూ చివరా మాత్రమే రాస్తున్నానని జెరోమ్ ఒప్పుకుంటాడు. నిజాయితీగా ఉంది కదా. కానీ దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. తెలిసిందే రాసే మనిషి లక్షణమని ఒక రకం. మధ్యలో తొంభై ఏళ్ళు ఖాళీగా వదిలేసినా పాఠకుడు అడగకుండా ముందే తలుపు మూసే నేర్పు అని ఇంకో రకం. రెండో రకం చదువుకి బలం ఎక్కడొస్తుందంటే, ఆ మొదలు జెరోమ్‌కి ఎలా తెలిసిందో చూసినప్పుడు. ఆస్తి, చదువు, అక్క మొగుడు, ఇవన్నీ పౌలు తానుగా చెబితే తప్ప ఆంథోనీకి తెలియవు. గుహలో వాళ్ళిద్దరి మాటలు పుస్తకంలో పూసగుచ్చినట్టు ఉన్నాయి. బయట ప్రపంచం ఎలా ఉంది, ఎవరు పాలిస్తున్నారు అని పౌలు అడుగుతాడే తప్ప తన ఇంటి సంగతి ఎత్తడు.

జెరోమ్ ఆ తర్వాత తానే రాసిన కాలక్రమ గ్రంథంలో కూడా పౌలు పేరు వస్తుంది కదా అని కొందరు రెండో ఆధారంగా లెక్కేస్తారు. 356లో ఆంథోనీ చనిపోయాడని రాస్తూ, ఆయన తన దగ్గరికి వచ్చేవాళ్ళకు పౌలు గురించి ఎంతో చెబుతుండేవాడని, పౌలు చివరి రోజుల గురించి నేను చిన్న పుస్తకం రాశానని జెరోమే అంటాడు. అంటే ఒకే మనిషి తన మాటకు తానే సాక్షి సంతకం పెట్టుకున్నాడు. ఎన్నిచోట్ల పేరుంది అని కాకుండా ఎన్ని నోళ్ళ నుంచి వచ్చింది అని లెక్కపెట్టాలి. మీరు చెప్పిన రాతప్రతుల సంగతీ ఇంతే. లాటిన్ ప్రతులు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, గ్రీకులోకీ కోప్టిక్‌లోకీ అనువాదాలు ఉన్నాయి. ఆ పుస్తకాన్ని జనం ఎంత ఇష్టపడ్డారో అవి చెబుతాయి. పౌలు గురించి కొత్తగా ఏమీ చెప్పవు.

తర్వాత చూడాల్సింది, మాట్లాడాల్సిన వాడు మాట్లాడకపోవడం. అందరి మౌనమూ లెక్కలోకి రాదు. విషయం తెలిసే స్థానంలో ఉండి, చెప్పాల్సిన సందర్భం వచ్చి, అయినా చెప్పకపోతేనే దానికి బరువు. అథనేసియస్‌కి ఈ మూడూ సరిపోతాయి. ఆంథోనీని ఎరిగినవాడు, ఆయన చనిపోయిన కొద్ది ఏళ్ళలోనే చరిత్ర రాసినవాడు, ఎడారి జీవితం ఎలా మొదలైందో ప్రత్యేకంగా చెప్పినవాడు. ఆంథోనీ మొదలుపెట్టే నాటికి దూరపు ఎడారి ఏ సన్యాసికీ తెలియదని రాశాడు. ఊరి పక్కన ఏకాంతంగా ఉండే ఒక ముసలాయన దగ్గర ఆంథోనీ నేర్చుకున్నాడని కూడా దాచకుండా చెప్పాడు. పౌలు ఊసే లేదు. తన దగ్గరికి వచ్చిన వాళ్ళందరికీ ఆంథోనీ పౌలు గురించి చెబుతుండేవాడన్న జెరోమ్ మాట నిజమైతే, అథనేసియస్ చెవిన పడకపోవడం కష్టం.

ఇక్కడ తొందరపడకూడదు. తన కథానాయకుడే మొదటివాడు కావాలన్న కోరిక అథనేసియస్‌కి ఉండి, పౌలును కావాలనే వదిలేసి ఉండొచ్చు కదా? ఉండొచ్చు. అందుకే ఈ మౌనంతోనే కేసు మూసేయను. కానీ ఆ పైవస్త్రం చూడండి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బలంగా కనిపించేది అదే. అథనేసియస్ రాసినదాని ప్రకారం, ఆంథోనీ చనిపోతూ తన గొర్రె తోలొకటీ, తాను పడుకునే పైవస్త్రమూ అథనేసియస్‌కి ఇమ్మంటాడు. "ఆయన నాకు కొత్తదిగా ఇచ్చాడు, నా దగ్గర పాతబడింది" అని దాని గురించి చెబుతాడు. జెరోమ్ కథలో మాత్రం అథనేసియస్ ఇచ్చిన పైవస్త్రం పౌలు శవానికి చుట్టుకుని, చాలా ఏళ్ళ ముందే మట్టిలోకి వెళ్ళిపోయింది. అథనేసియస్ రెండు ఇచ్చాడని సర్దుకోవచ్చు, కాదనను. కానీ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే సంగతి తెలిసిపోతుంది. అథనేసియస్ పుస్తకంలో ఆ వస్త్రం ఆంథోనీకీ బిషప్‌కీ ఉన్న బంధానికి గుర్తు. జెరోమ్ దాన్ని అక్కడి నుంచి తీసి, ఆంథోనీ కంటే పెద్దవాడి ఒంటికి చుట్టాడు. ఆంథోనీ పౌలు దగ్గర తీసుకున్నది ఖర్జూర ఆకుల చొక్కా. దాన్ని ఆయన ఈస్టర్‌కీ, పెంతెకోస్తుకీ వేసుకునేవాడట. ఒక సాధువు నుంచి ఇంకో సాధువుకి వారసత్వం దిగే దిశనే తిప్పేశాడు. ఇది ఈజిప్టు శిష్యుల నోటి మాట అనిపించదు. అథనేసియస్ పుస్తకం ముందు పెట్టుకుని రాసిన మనిషి పని అనిపిస్తుంది.

పైగా ఆ పుస్తకం జెరోమ్‌కి అందుబాటులోనే ఉంది. ఆంథోనీ చరిత్రను లాటిన్‌లోకి తెచ్చింది అంతియొకయ వాసి ఎవాగ్రియస్. జెరోమ్ ఆ ఊళ్ళో ఉన్నప్పుడు ఆశ్రయమిచ్చింది ఆయనే. మిత్రుడి అనువాదం పేరు తెచ్చుకుంటున్న రోజుల్లో, ఆంథోనీ కంటే ముందు ఇంకొకడున్నాడని నేరుగా లాటిన్‌లోనే ఒక పుస్తకం వచ్చింది. ఉద్దేశం ఉంది కాబట్టి అబద్ధం అని నేననడం లేదు. ఉద్దేశం ఎటు లాగుతోందో తెలిస్తే, ఏ మాటను గట్టిగా పరీక్షించాలో తెలుస్తుంది. ఇక్కడ ఆ మాట "మొదటివాడు" అన్నది.

జెరోమ్ రాసే పద్ధతి గురించి కొంచెం. అడవిలో మనిషికి కాకి తిండి తేవడం ఏలీయా ప్రవక్త కథలోది, బైబిల్ చదివినవాళ్ళకు వెంటనే తడుతుంది. పౌలు రాకముందే, పుస్తకం మొదట్లో, పేరు చెప్పని ఒక హతసాక్షి తనను లొంగదీసుకోబోయిన స్త్రీ ముఖం మీద నాలుక కొరికి ఉమ్మేస్తాడు. నాలుక కొరికి నిరంకుశుడి మీద ఉమ్మడం అంతకు ముందే గ్రీకు తత్వవేత్తలు జెనో, అనక్సార్కస్‌ల గురించి చెప్పుకున్న కథ. గుహ తలుపు దగ్గర ఆంథోనీ బతిమాలే చోట కథ నడిపే వాక్యాలు రోమన్ కవి వర్జిల్ 'ఈనిడ్' కావ్యంలోని పాదాలు. గ్రీకే సరిగా రాని ఈజిప్టు రైతుబిడ్డ ఆంథోనీ. ఆయన ఏమన్నాడో, ఆ వర్జిల్ పాదాలు ఎక్కడి నుంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. అరువు తెచ్చుకున్న దృశ్యం ఉంటే కింద అసలు సంఘటన లేనట్టేనా అంటే కాదు. నిజంగా జరిగినదాన్ని కూడా జనం తెలిసిన కథల అచ్చులోనే పోస్తారు. కానీ దృశ్యాలు ఒక్కొక్కటిగా పాత కథలకు తిరిగి వెళ్ళిపోతుంటే, పౌలుకే సొంతమైనది ఏం మిగిలిందో చూడాలి. ఇక్కడ గుహ, ఖర్జూర చెట్టు, పేరు మిగులుతాయి.

ఇంకో ఉచ్చు కూడా ఉంది: కచ్చితంగా కనిపించే వివరం. పౌలు గుహ దగ్గర రోమన్ సేనాని మార్క్ ఆంటొనీ, క్లియోపాత్రల కాలం నాటి దొంగ నాణేల కర్మాగారం, సుత్తులు, దాగళ్ళు ఉన్నాయని జెరోమ్ రాశాడు. ఇది చదివి "ఇంత వివరం ఊహించి రాయలేరు" అన్నవాళ్ళు నాకు తెలుసు. అదే జెరోమ్, మేక కాళ్ళ ప్రాణిని నమ్మించడానికి, కాన్స్టాంటియస్ చక్రవర్తి కాలంలో అలాంటిదొకటి ప్రాణంతో అలెగ్జాండ్రియాకు తెచ్చారని, చచ్చాక ఉప్పులో ఊరబెట్టి చక్రవర్తికి చూపడానికి అంతియొకయకు పంపారని, లోకమంతా దానికి సాక్షి అని రాశాడు. ఊరు, చక్రవర్తి, ఉప్పు అన్నీ ఉన్నాయి. వివరం ఎంత గట్టిగా ఉంటే అంత నిజం అనే లెక్క ఈ రచయిత దగ్గర పనిచేయదు.

ఇప్పుడు మీ తేదీలు. అథనేసియస్ లెక్కలో ఆంథోనీ 105 ఏళ్ళు బతికాడు. 356లో చనిపోయాడు కాబట్టి సుమారు 251లో పుట్టాడు. పౌలును కలిసినప్పుడు తొంభై అంటే 341. అప్పుడు పౌలుకి 113 అంటే పుట్టింది 228. పుస్తకాల్లో మీకు కనిపించే "228–341" ఇలా తీసివేత చేసి రాబట్టిందే. దాని వెనక ఏ రికార్డూ లేదు. ఆ తీసివేత కూడా సరిగ్గా కలవదు. 228లో పుట్టినవాడికి 250లో, డీసియస్ హింస నడుస్తున్నప్పుడు, 22 ఏళ్ళు ఉండాలి. జెరోమ్ పదహారు అంటున్నాడు. వలేరియన్ కాలం దాకా లాగితే తేడా ఇంకా పెరుగుతుంది. పాత రచయితల వయసు లెక్కల్లో ఐదారేళ్ళ తేడా పెద్ద తప్పేమీ కాదు కాబట్టి, దీన్నిబట్టి పౌలు లేడని మాత్రం అనను. 113 అనేది ఎక్కడా రాసి ఉంచుకున్న సంఖ్య కాదని మాత్రం తేలుతుంది.

ఇంతసేపూ ఒకవైపే చెప్పాను. రెండో వైపు కూడా ఉంది, దాన్ని చులకన చేయకూడదు.

డీసియస్ హింసలో జనం ఎడారుల్లోకి, కొండల్లోకి పారిపోయిన మాట నిజం. అప్పటి అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ ఉత్తరంలో రాశాడు, చర్చి చరిత్రకారుడు యూసేబియస్ దాన్ని భద్రపరిచాడు. ఆకలికీ, దాహానికీ, చలికీ, దొంగలకీ, మృగాలకీ ఎంతోమంది బలయ్యారట. నీలోపొలిస్ బిషప్ కెరీమన్, బాగా ముసలివాడు, భార్యతో కలిసి కొండల్లోకి వెళ్ళి మళ్ళీ కనిపించలేదు, వెతికినా శవాలు కూడా దొరకలేదు. కాబట్టి పౌలు లాంటి కుర్రాడొకడు పారిపోయి అక్కడే ఉండిపోవడం జరగగల విషయమే. జరగగలదు అన్నంత మాత్రాన జరిగినట్టు కాదు. అలాంటి నేపథ్యం ఉంటే నిజమైన మనిషి కథా నిలుస్తుంది, కల్పించిన కథా నిలుస్తుంది.

అసలైన ఆధారం ఇంకొకటి ఉంది, చాలామంది దాన్ని చూడరు. 383–384 ప్రాంతంలో ఫౌస్తినస్, మార్సెల్లినస్ అనే ఇద్దరు ప్రీస్టులు చక్రవర్తులకు ఒక అర్జీ పెట్టుకున్నారు. చర్చిలో వాళ్ళది చిన్న కటువైన వర్గం, తమ వాళ్ళను బాధిస్తున్నారని ఫిర్యాదు. అందులో ఈజిప్టులోని ఆక్సీరింకస్ నగరం సంగతి చెబుతూ, అక్కడి భక్తులు ఒకప్పుడు పౌలు అనే పుణ్యాత్ముడిని ఎంతో గౌరవించారని, ఆయన ఆంథోనీ కాలం వాడని, ఆంథోనీకి ఏమాత్రం తీసిపోని వాడని రాశారు. 1926లో, సాధువుల చరిత్రలను పరిశోధించే బొలాండిస్టు బృందానికి చెందిన పండితుడు డెలహే, జెరోమ్ పౌలు ఈయనే అని వాదించాడు.

ఈ అర్జీ జెరోమ్ పుస్తకం తర్వాత వచ్చింది. మరి ఆ పుస్తకం చదివే రాశారేమో? అది తేల్చడానికి, జెరోమ్‌కి మాత్రమే సొంతమైన ముక్కలు ఇందులో ఉన్నాయా అని చూడాలి. గుహ లేదు, కాకి లేదు, సింహాలు లేవు, "మొదటివాడు" అన్న మాట లేదు. అర్జీదారులకు కావలసింది తమ వర్గానికి ఆ ఊళ్ళో మంచి మూలాలున్నాయని చూపడం. దాని కోసం స్థానికంగా పేరున్న మనిషిని తలిచారు. అందుకే దీన్ని విడి నోరుగానే లెక్కేస్తాను.

కానీ ఇద్దరినీ ఒకటి చేసేది పేరూ కాలమూ మాత్రమే. ఆ పేరు చూస్తే, విశ్వాసులు తమ పిల్లలకు పౌలు అనో పేతురు అనో పెట్టుకోవడం మామూలైపోయిందని ఇందాకటి డయొనీసియసే మరో చోట రాశాడు. అందరికీ ఉండే పేరు కలిస్తే దానికి విలువ తక్కువ. ఇద్దరూ ఒకరే అనుకుందాం, అప్పుడు జెరోమ్ వర్ణన మరీ దెబ్బతింటుంది. ఆక్సీరింకస్ పౌలును ఒక నగరమే ఎరుగును, ఆయన్ను చూసి జనం నడుచుకున్నారు. జెరోమ్ పౌలుకి ఉన్న ప్రత్యేకతే ఆయన్ను ఎవరూ ఎరగకపోవడం. మనిషి దొరికితే వర్ణన పోతుంది, వర్ణన నిలబెట్టాలంటే మనిషి దొరకడు.

మఠం సంగతి. ఎర్ర సముద్రం వైపు పౌలు పేరున్న మఠం ఉన్న మాట వాస్తవమే. 5వ శతాబ్దం మొదట్లో లాటిన్ రచయిత సుల్పిసియస్ సెవెరస్ రాసిన సంభాషణల్లో, ఈజిప్టు తిరిగొచ్చిన ఒకాయన పౌలు ఉన్న చోటు చూసొచ్చానంటాడు. అప్పటికి జెరోమ్ పుస్తకం వచ్చి పాతికేళ్ళు దాటింది. పేరుపొందిన పుస్తకం పట్టుకుని వచ్చే యాత్రికుడికి చూపించడానికి ఒక చోటు తయారవడానికి అంత కాలం చాలు. ఆ చోటు గురించి పుస్తకానికి ముందు నాటి మాట ఒక్కటి దొరికితే అప్పుడు లెక్క మారుతుంది.

ఆధారం నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే ఇదే జెరోమ్ రాసిన, గాజా ప్రాంతపు ఏకాంతవాసి హిలారియన్ చరిత్ర పక్కన పెట్టి చూడండి. అదే రచయిత, అదే ధోరణి, అద్భుతాలు ఇంకా ఎక్కువ. అయితే గాజా దగ్గరి వాడైన చరిత్రకారుడు సోజొమెన్, తమ ఊరి అలాఫియన్ అనే ఆయనకు పట్టిన దెయ్యాన్ని హిలారియన్ వదిలించడం వల్లే తన తాతగారి కుటుంబం క్రైస్తవంలోకి వచ్చిందని రాశాడు. జెరోమ్ పుస్తకంతో పనిలేని ఇంటి జ్ఞాపకం అది. దెయ్యం సంగతి మీరు నమ్మకపోయినా, హిలారియన్ అనే మనిషి ఆ ఊళ్ళ మధ్య తిరిగాడని తేలిపోతుంది. పౌలు విషయంలో లేనిది ఈ రకం జ్ఞాపకమే.

ఈ అనుమానం మన కాలపు చదువుకున్నవాళ్ళ తెలివి అనుకోకండి. హిలారియన్ చరిత్ర ముందుమాటలో జెరోమే తన విమర్శకుల మీద విసుక్కున్నాడు. ఎప్పుడూ దాగి ఉన్నాడు కాబట్టి పౌలు లేనే లేడన్నారు, నలుగురికీ కనిపించాడు కాబట్టి హిలారియన్‌ను చవకవాడంటారు అని. పుస్తకం వచ్చిన పది పదిహేనేళ్ళలోనే "ఈ పౌలు ఎక్కడ?" అని అడిగినవాళ్ళున్నారు. జెరోమ్‌కి అప్పటికి ఈజిప్టు వెళ్ళొచ్చిన అనుభవమూ ఉంది. జవాబుగా ఒక్క సాక్షి పేరు కొత్తగా చెప్పినా సరిపోయేది. విమర్శకులను ఎత్తిపొడిచి వదిలేశాడు. నా వరకు ఇది అథనేసియస్ మౌనం కన్నా ఎక్కువ తూగుతుంది.

మీ వ్యాసంలో నేనైతే ఇలా రాస్తాను: "థీబ్స్ పౌలు: ఈజిప్టు ఎడారిలో తొలి క్రైస్తవ ఏకాంతవాసిగా జెరోమ్ 370ల ప్రాంతంలో లాటిన్‌లో రాసిన చరిత్ర ద్వారా ప్రసిద్ధుడు. ఆంథోనీ కాలంలో ఆక్సీరింకస్‌లో పేరుపొందిన పౌలు అనే సాధువు ఈ కథకు మూలం కావచ్చు. ఆంథోనీకి ముందే ఎడారికి వెళ్ళాడన్నదానికీ, వయసుకూ, తేదీలకూ జెరోమ్ తప్ప వేరే ఆధారం లేదు." మీ పేజీలో పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ కోసం గళ్ళు ఉంటే వాటిని ఖాళీగా వదిలేయండి. ఎవరో వచ్చి 228 అని నింపితే, ఆ సంఖ్య ఏ తీసివేత నుంచి వచ్చిందో చర్చ పేజీలో రాసి పెట్టండి, లేకపోతే ఆర్నెల్లకొకసారి మళ్ళీ నింపుతూనే ఉంటారు.